గీజర్‌లో 60, కుళాయిలో 49: గీజర్ల తయారీదారులకు, ప్రమాణాలు రాసేవారికి, బిల్డర్లకు బహిరంగ లేఖ

గీజర్లు తయారుచేసే కంపెనీల యాజమాన్యాలకు, వాటికి ప్రమాణాలు రాసే కమిటీల సభ్యులకు, అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లకు,

నమస్కారం. నేను విజయవాడలో గీజర్లు బిగించి, బాగుచేసి బతికేవాణ్ణి. ఇళ్ళతోపాటు ఒకట్రెండు నర్సింగ్ హోముల్లో, ఒక హాస్టల్లో వేణ్ణీళ్ళ లైన్లు కూడా చూస్తుంటాను. మీ సరుకు మీదే నా ఇల్లు గడుస్తోంది కాబట్టి మీమీద నాకు పగేమీ లేదు. గీజర్ నీళ్ళు పిల్లల్ని కాల్చేంత వేడిగా వస్తున్నాయని ఒక కంపెనీకి ముందు ఉత్తరం రాశాను. "మీరు చెప్పిన మోడల్‌లో థర్మోస్టాట్ కంపెనీ నిర్ణయించిన పరిధిలోనే పనిచేస్తోంది" అని రెండు లైన్ల జవాబు వచ్చింది. ఆ పరిధే ఎక్కువగా ఉందని నేను రాసిన రెండో ఉత్తరానికి ఇంతవరకూ జవాబు లేదు. అందుకని నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ఉత్తరం ఎందుకు రాయాల్సి వచ్చిందో చెబుతాను. ఒక ఫ్లాట్ నుంచి ఫోన్ వచ్చింది, గీజర్ పాడైందేమో చూడమని. ఇంట్లో రెండేళ్ళ పాప. నాయనమ్మ బకెట్ కింద వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి, తువ్వాలు తేవడానికి పక్క గదిలోకి వెళ్ళింది. పాప వచ్చి ధార కింద చెయ్యి పెట్టింది. నొప్పికి వెనక్కి పడబోయి బకెట్ అంచు పట్టుకుంది, బకెట్ ఒరిగింది. ఎడమ చెయ్యి, తొడ బొబ్బలెక్కి, చర్మం ఊడొచ్చింది. పాప ఇంకా ఆస్పత్రిలో ఉండగానే తండ్రి నన్ను పిలిచాడు.

అది 15 లీటర్ల నిలువు గీజర్, రెండు కిలోవాట్లది. ఎర్ర లైటు ఆరిపోయేదాకా ఆగి, పైపులో ఉన్న చల్లటి నీళ్ళు పోనిచ్చి, స్టీలు గ్లాసులో పట్టి, వంటింట్లో వాడే డిజిటల్ థర్మామీటర్ ముంచాను. 72 డిగ్రీల సెల్సియస్. కవర్ విప్పి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నీళ్ళ వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ బాగుంది, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్ బాగుంది, ఎలిమెంట్ మీద పెద్దగా సున్నం కూడా లేదు. పాడైందేమీ లేదని ఆ తండ్రికి చెప్పడం నాకు చాలా కష్టమైంది. పాడైందంటే కనీసం ఒక కారణం దొరికినట్టుండేది.

72 డిగ్రీల నీళ్ళు చర్మానికి తగిలితే ఏమవుతుందో వైద్యులకు 1947 నుంచీ తెలుసు. ఆ ఏడాది అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు పందుల మీదా, ఒప్పుకున్న మనుషుల మీదా పరీక్షలు చేసి, ఎంత వేడి ఎంతసేపట్లో చర్మాన్ని చంపుతుందో లెక్క తేల్చారు. పెద్దవాళ్ళ చర్మం 49 డిగ్రీల దగ్గర లోతుగా కాలాలంటే సుమారు పది నిమిషాలు పడుతుంది. 55 దగ్గర అర నిమిషం. 60 దగ్గర ఐదు సెకన్లు. 70కి చేరితే ఒక సెకను లెక్క. అంటే వేడి 49 నుంచి 60కి పెరిగితే మనకున్న వ్యవధి సగానికి కాదు, నూటిరవయ్యోవంతుకు పడిపోతుంది. పసిపిల్లల చర్మం మనకన్నా పల్చన కాబట్టి వాళ్ళకు దక్కే వ్యవధి ఇంకా తక్కువ. 60 డిగ్రీల నీళ్ళు చిన్నపిల్లను ఒక్క సెకనులోనే కాల్చగలవని ఆస్ట్రేలియాలో ప్రజలకు ప్రచారం చేసి మరీ చెబుతారు. చెయ్యి కాలింది అని తెలిసి వెనక్కి లాక్కోవడానికి పెద్దవాళ్ళకే కొంత వ్యవధి పడుతుంది. రెండేళ్ళ పిల్ల అయితే వెంటనే తప్పించుకోలేదు.

అందుకే అమెరికాలో ఇంటి గీజర్‌ను 120 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 49 డిగ్రీల దగ్గర పెట్టుకోమని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెబుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం 1983లో ఏకంగా చట్టమే చేసింది, కొత్త గీజర్ ఫ్యాక్టరీ నుంచి 49 దగ్గర సెట్ చేసే రావాలని. కొన్నేళ్ళ తర్వాత ఇళ్ళల్లో కొలిచి చూస్తే ఎక్కువ ఇళ్ళల్లో నీళ్ళ వేడి తగ్గింది, కుళాయి నీళ్ళకు కాలి ఆస్పత్రిలో చేరే పిల్లల సంఖ్యా తగ్గింది. జనం అంతా జాగ్రత్త నేర్చుకున్నందువల్ల వచ్చిన మార్పు కాదది. పెట్టెలోంచి తీసి బిగించేటప్పటికే గీజర్ 49 దగ్గర ఉండటం వల్ల వచ్చింది. మన ఇళ్ళల్లో కూడా గీజర్ ఎలా వస్తే అలాగే ఉండిపోతుంది. ఎవరూ కవర్ విప్పరు, విప్పకూడదు కూడా.

ఇంతవరకూ విని, సరే 49 దగ్గర పెట్టేస్తే సరిపోతుందిగా అని మీలో ఎవరైనా అనొచ్చు. అనాలి కూడా. కానీ ట్యాంకులో నీళ్ళు ఎప్పుడూ 49 దగ్గరే ఉంటే ఇంకో చిక్కుంది.

లీజియోనెల్లా అని ఒక బాక్టీరియా. 1976లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సమావేశానికి వచ్చినవాళ్ళు వింత న్యుమోనియాతో వరసగా చనిపోతే, దాని కారణం వెతికి పట్టుకున్నారు, ఆ సంఘం పేరే దానికి పెట్టారు. ఇది తాగితే వచ్చే జబ్బు కాదు. షవర్ తుంపర్లలో, ఆవిరిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతే వస్తుంది. మంచి వయసులో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను సాధారణంగా ఏమీ చేయదు. పొగతాగేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, కీమో చేయించుకుంటున్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ళు, వీళ్ళమీద దెబ్బ తీస్తుంది.

ఈ బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది, మన ఒంటి వేడికి దగ్గర్లో బాగా పెరుగుతుంది. 50 దాటితే పెరగడం ఆగుతుంది గానీ చావడానికి చాలాసేపు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం 50 డిగ్రీల దగ్గర పదింట తొమ్మిది వంతులు చావాలంటే 80 నుంచి 124 నిమిషాలు కావాలి. 60 దగ్గర అదే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆస్పత్రులకూ హోటళ్ళకూ ట్యాంకు 60కి తగ్గకూడదని చాలా దేశాలు పట్టుబట్టేది ఇందుకే.

ఇక్కడ మన అలవాటు ఒకటి చెప్పాలి. విదేశాల్లో పెద్ద ట్యాంకు రోజంతా వేడిగా ఉంటుంది. మనం పొద్దున్నే స్విచ్ వేసి, పావుగంట ఆగి, స్నానాలయ్యాక ఆపేస్తాం. మిగిలిన నీళ్ళు గోరువెచ్చగా మారి, మర్నాటిదాకా ఆ బాక్టీరియాకు నచ్చే వేడిలోనే ఉంటాయి. నిలువు గీజర్‌లో ఎలిమెంట్ కింద ఒక పొర చన్నీళ్ళు ఉండనే ఉంటాయి. బోరు నీళ్ళ ఊళ్ళలో ఆ అడుగునే సున్నం పొరలు, మడ్డి పేరుకుంటాయి. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే అనోడ్ రాడ్డును మార్చడానికి నేను అడుగు ప్లేటు విప్పితే పిండిలాంటి తెల్లటి ముద్ద గుప్పెళ్ళకొద్దీ రాలుతుంది. బాక్టీరియా దాక్కోవడానికి అంతకన్నా చోటు ఏం కావాలి?

అలాగని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. రోజూ ట్యాంకంతా ఖాళీ అయ్యే ఇంట్లో, చెంబుతో బకెట్ స్నానం చేసేవాళ్ళకు ఈ ప్రమాదం చాలా తక్కువ, ఎందుకంటే తుంపర్లు తక్కువ, నిలవ నీళ్ళు తక్కువ. నాకు అనుమానం ఉన్నదల్లా హాస్టళ్ళ మీద, వారాలకొద్దీ గది మూసి ఉండే గెస్ట్‌హౌసుల మీద, సోలార్ వాటర్ హీటర్ ట్యాంకుల మీద. వారం రోజులు ముసురు పట్టి ఎండ రాకపోతే సోలార్ ట్యాంకులో నీళ్ళు 35, 40 దగ్గరే ఆగిపోతాయి, కరెంటు బ్యాకప్ ఎవరూ వేయరు. అన్నట్టు, ఎండాకాలంలో డాబా మీద నల్ల ట్యాంకులో "చన్నీళ్ళు" కూడా అదే వేడిలో ఉంటాయి. ఆ ట్యాంకులు కడిగేది ఎవరు అన్నది మరో ఉత్తరానికి సరిపడా సంగతి.

కాబట్టి నా మాట ఇది. ఒక్క అంకె చాలదు, రెండు అంకెలు కావాలి. ట్యాంకులో 60, పిల్లల చెయ్యి తగిలే కుళాయిలో 49కి మించకూడదు. పిల్లకు పోసే నీళ్ళు ఎలాగూ 37, 38 దగ్గర కలుపుకోవాల్సినవే. 60కీ 49కీ మధ్య తేడాను మనిషి జాగ్రత్తకు వదిలేయకుండా ఒక వాల్వ్ చూసుకోవాలి.

ఆ వాల్వ్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ అంటారు. అరచేతిలో పట్టేంత ఇత్తడి ముక్క. లోపల మైనం నింపిన చిన్న గొట్టం ఉంటుంది. నీళ్ళు వేడెక్కితే మైనం ఉబ్బి, వేణ్ణీళ్ళ దారిని ఇరుకు చేసి, చన్నీళ్ళ దారిని తెరుస్తుంది. చన్నీళ్ళు హఠాత్తుగా ఆగిపోతే వేణ్ణీళ్ళను కూడా కట్టేస్తుంది, అదే దాని అసలు గొప్ప. ఆస్ట్రేలియాలో కొత్తగా కట్టే ఇళ్ళలో ట్యాంకు 60 ఉండాలి, స్నానాలగదికి మాత్రం 50 మించి రాకూడదు, బడుల్లో, వృద్ధాశ్రమాల్లో 45. బ్రిటన్‌లో ఆస్పత్రుల స్నానపు తొట్టికి 44 దాటకూడదు. వాళ్ళు రెండు ప్రమాదాల్నీ ఒకేసారి చూసుకున్నారు, మనం ఒక్కదాన్నీ చూసుకోలేదు.

ఇప్పుడు మీరు వేడి ఎందుకు ఎక్కువ పెడతారో కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఊరికే జరిగింది కాదు. 15 లీటర్ల గీజర్‌లో నీళ్ళు 75 దగ్గర ఉంటే, 25 డిగ్రీల కుళాయి నీళ్ళు కలిపి 40 చేసినప్పుడు 50 లీటర్లు వస్తాయి. అంటే రెండున్నర బకెట్లు. 60 దగ్గర అయితే 35 లీటర్లు. 50 దగ్గర అయితే 25 లీటర్లే, బకెట్టుంపావు. పెట్టె అదే, ధర అదే, నీళ్ళు మాత్రం సగానికి సగం. 75 దగ్గర పెడితే "15 లీటర్లు నలుగురికి చాలు" అని షాపువాడు ధైర్యంగా చెప్పగలడు. 50 దగ్గర పెడితే రెండో మనిషి పది, పదమూడు నిమిషాలు ఆగాలి, మీ కాల్ సెంటర్‌కు "నీళ్ళు వేడెక్కట్లేదు" అని ఫోన్లు వస్తాయి. చిన్న ట్యాంకు అమ్మి, పెద్ద ట్యాంకు పని చేయించడానికి వేడిని పెంచుతున్నారు. ఆ తేడా పాప తొడమీద తేలింది.

ఆ ఇంట్లో నేను చేసిన పని కూడా చెబుతాను, మీ సర్వీస్ వాళ్ళకు పనికొస్తుంది. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని, కింద కవర్ విప్పాను. ఆ మోడల్‌లో బయట మర లేదు, థర్మోస్టాట్ తల మీద చిన్న డయల్ ఉంది, దాని చుట్టూ అంకెలు కూడా లేవు, ప్లస్, మైనస్ గుర్తులే. స్క్రూడ్రైవర్‌తో కొంచెం వెనక్కి తిప్పి, కవర్ వేసి, లైటు ఆరేదాకా వేడెక్కించి, మళ్ళీ గ్లాసులో పట్టి కొలిచాను. మొదటిసారి 58, ఇంకొంచెం తిప్పితే 51. అక్కడ గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. వాల్వ్ లేని ఆ ఇంటికి అదే తగినదని నాకు అనిపించింది. వారానికోసారి, ఆదివారం రాత్రి అందరూ పడుకున్నాక, ట్యాంకును 60 దాటించి గంటసేపు ఉంచాలి. కానీ మర బయట లేకపోవడం వల్ల ఆ ఇంటివాళ్ళు ఆ పని చేయలేరు. నన్ను పిలవాలి. ప్రతి వారం కవర్ విప్పడానికి మెకానిక్‌ను పిలిచే ఇల్లు ఎక్కడైనా ఉందా?

కొలిచేటప్పుడు ఇంకో సంగతి గమనించాను. పొద్దున్నే చేతులు కడుక్కోవడానికి, ముఖం కడుక్కోవడానికి కొంచెం కొంచెంగా నీళ్ళు వాడితే థర్మోస్టాట్ దగ్గరికి ప్రతిసారీ చన్నీళ్ళు వచ్చి హీటర్ మళ్ళీ మళ్ళీ ఆన్ అవుతుంది. పైన ఉన్న నీళ్ళు సెట్ చేసినదానికన్నా మరో నాలుగైదు డిగ్రీలు ఎక్కుతాయి. కుళాయికి వచ్చేది పైనున్న నీళ్ళే. అందుకే డయల్ మీద అంకె ఎంత అన్నది కాదు, కుళాయి దగ్గర కొలత ఎంత అన్నదే నిజం. సున్నం పట్టిన థర్మోస్టాట్ గొట్టం కూడా వేడిని ఆలస్యంగా గుర్తిస్తుంది. ఇక కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ పాడైతే కొత్తది వేయకుండా "డైరెక్ట్ కొట్టేయడం", అంటే కరెంటును నేరుగా ఎలిమెంట్‌కు కలిపేయడం, మీకూ తెలుసు. అప్పుడు ఆ ట్యాంకును ఆపేది థర్మల్ కటౌట్ ఒక్కటే, అది 85, 90 దాటితే గానీ పడదు. దాన్ని కూడా కలిపేసిన గీజర్లు నేను చూశాను. మా వాళ్ళ తప్పును దాచడం నా పని కాదు.

ఈ పరిస్థితి సామాన్యుల మీద ఎలా పడుతోందో విడివిడిగా రాస్తున్నాను.

1. మన ఇళ్ళల్లో స్నానం బకెట్‌తో. ఎక్కువమంది ముందు వేణ్ణీళ్ళు పట్టి, ఆపైన చన్నీళ్ళు కలుపుతారు. ఆ రెండు నిమిషాలూ నేలమీద, పిల్ల ఎత్తులో, 70 డిగ్రీల నీళ్ళు మూత లేకుండా ఉంటాయి. స్నానపు తొట్టి ఉన్న దేశాల్లో లేని ప్రమాదం ఇది. చన్నీళ్ళు ముందు పట్టండి అని ఏ గీజర్ మీదా రాసి ఉండగా నేను చూడలేదు.

2. పసిపిల్లకు కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోసే అమ్మమ్మలు, నాయనమ్మలు వేడిని అరచేత్తో చూస్తారు. పనిచేసి కాయలు కాసిన చేతికి 45 డిగ్రీలు "బాగున్నాయి" అనిపిస్తాయి. మోచేయి ముంచి చూడమని, లోపలి మణికట్టు మీద పోసి చూడమని ఆస్పత్రిలో నర్సు చెబితే కొందరు వింటారు. పొయ్యి మీద కాచిన నీళ్ళకు ఆ అలవాటు సరిపోయేది, ఎందుకంటే కాగులోంచి చెంబుతో ముంచి కలిపేవాళ్ళు. కుళాయి తిప్పితే నేరుగా 70 వస్తుంది.

3. షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గిన పెద్దవాళ్ళు పాదం కాలినా తెలుసుకోరు. సాయంత్రం బొబ్బ చూశాక తెలుస్తుంది. ఆ పుండు మానడం ఎంత కష్టమో షుగర్ ఉన్న ఇళ్ళకు చెప్పనక్కర్లేదు.

4. ఇంకోవైపు, కరెంటు బిల్లు తగ్గాలని వేడి బాగా తగ్గించుకోమనే సలహాలు జనం ఫోన్లలో తిరుగుతున్నాయి. 40, 45 దగ్గర ఎప్పుడూ ఉంచమని చెప్పేవి కూడా చూశాను. కీమో అవుతున్న మనిషి షవర్ కింద నిలబడే ఇంట్లో అది మంచి సలహా కాదు. ఆ ఇంటికి 60 కావాలి, వాల్వ్ కావాలి. సరైన మాట మీరు చెప్పకపోతే తప్పు మాట అలా చెలామణీ అవుతుంది.

5. కాలిన తర్వాత మన ఇళ్ళల్లో మొదట చేసేది టూత్‌పేస్ట్ రాయడం, ఇంకు పోయడం, ఐస్ పెట్టడం. చేయాల్సింది ఇరవై నిమిషాలపాటు మామూలు చల్లటి కుళాయి నీళ్ళు ధారగా పోయడం, అంటుకోకుండా ఉన్న బట్ట తీసేయడం, శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళడం. గీజర్ పక్కన అంటించే స్టిక్కర్ మీద ఈ మూడు మాటలకూ చోటు సరిపోతుంది.

ఇక మేం కోరేవి. "మేం" అంటున్నానంటే, ఈ లేఖను మా ఊళ్ళో తోటి మెకానిక్‌లకు, పాప తల్లిదండ్రులకు చదివి వినిపించాకే బయటపెడుతున్నాను.

తయారీ కంపెనీలను కోరేవి:

1. ప్రతి నిల్వ గీజర్‌కూ, 6 లీటర్ల చిన్నదానికైనా సరే, థర్మోస్టాట్ మర బయట పెట్టండి. దానిమీద ప్లస్, మైనస్ కాకుండా డిగ్రీలు రాయండి. ఫ్యాక్టరీలో దాన్ని 50 దగ్గర పెట్టి పంపండి. ఎక్కువ కావాలనుకున్నవాళ్ళు తెలిసే పెంచుకుంటారు. పిల్లలు తిప్పకుండా ఒక చిన్న తాళం సరిపోతుంది. ఇందుకు కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు, మీ 25 లీటర్ల మోడళ్ళలో చాలావాటికి బయటి మర ఇప్పటికే ఉంది.

2. పెట్టె మీద స్టార్ల సంఖ్య, ట్యాంకు గ్యారంటీ, "8 బార్" అని పెద్దక్షరాల్లో వేస్తున్నారు. వాటి పక్కనే ఒక లైను వేయండి: 50 డిగ్రీల సెట్టింగ్‌లో 40 డిగ్రీల నీళ్ళు ఎన్ని లీటర్లు వస్తాయి అని. 15 లీటర్లదానికి 25 అని, 25 లీటర్లదానికి 42 అని పడుతుంది. ఆ లైను చూసి నలుగురున్న ఇల్లు 25 లీటర్లది కొంటుంది, వేడిని పెంచే అవసరం పడదు. మీకు కూడా పెద్ద పెట్టే అమ్ముడవుతుంది కదా, నష్టమేముంది?

3. గీజర్‌తోపాటే మిక్సింగ్ వాల్వ్‌ను విడిభాగంగా, సర్వీస్ సెంటర్లో దొరికేలా పెట్టండి. ఇప్పుడు మా ఊళ్ళో శానిటరీ షాపులో అడిగితే షవర్‌తో కలిపిన ఖరీదైన థర్మోస్టాటిక్ మిక్సర్ చూపిస్తారు. ట్యాంకు కింద బిగించే చిన్న వాల్వ్ కావాలంటే ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. మన నీళ్ళకు తగ్గట్టు దానికి జల్లెడ, వెనక్కి రాకుండా ఆపే వాల్వులు కలిపే ఇవ్వండి, లేకపోతే బోరు నీళ్ళ సున్నానికి అది ఏడాది తిరక్కుండా బిగుసుకుపోతుంది. వార్షిక సర్వీసులో మీవాళ్ళు చన్నీళ్ళు కట్టి చూడాలి. కొన్ని సెకన్లలో వేణ్ణీళ్ళు కూడా ఆగితే వాల్వ్ బతికున్నట్టు, ఆగకపోతే మార్చాలి.

ప్రమాణాలు రాసే కమిటీలను కోరేవి:

4. నిల్వ గీజర్లకు ఐఎస్ 2082 ఉంది, ఐఎస్ఐ గుర్తు లేని గీజర్ అమ్మకూడదు. ఆ ప్రమాణంలో కరెంటు షాక్ గురించి, ట్యాంకు పేలకుండా ఉండటం గురించి ఎంతో శ్రద్ధ ఉంది. ఆ శ్రద్ధలో ఒక పాలు కుళాయి దగ్గర నీళ్ళ వేడికి కూడా ఇవ్వండి. ఫ్యాక్టరీ సెట్టింగ్ పై పరిమితి ఎంత, కొలిచే పద్ధతి ఏమిటి, కొంచెం కొంచెంగా నీళ్ళు వాడినప్పుడు పైపొర ఎంత వేడెక్కవచ్చు, ఈ మూడూ రాతపూర్వకంగా ఉండాలి.

5. ఇంటి గీజర్‌నూ, ఆస్పత్రి, హాస్టల్ వ్యవస్థనూ ఒకే గాటన కట్టకండి. ఇంట్లో వాల్వ్ లేనప్పుడు 50, వారానికోసారి 60. ఆస్పత్రిలో, హాస్టల్లో, వృద్ధాశ్రమంలో, కేంద్రీకృత సోలార్ ఉన్న అపార్ట్‌మెంట్లో ట్యాంకు 60కి తగ్గకూడదు, కుళాయిల దాకా వెళ్ళి ట్యాంకుకు తిరిగి వచ్చే లైను 50కి తగ్గకూడదు, మిక్సింగ్ వాల్వ్ కుళాయికి వీలైనంత దగ్గర్లో ఉండాలి. దూరంగా పెడితే ఆ వాల్వ్ తర్వాత పైపంతా గోరువెచ్చటి నీళ్ళే, పోగొట్టాలనుకున్న బాక్టీరియా అక్కడే పెరుగుతుంది. నేను చూసే నర్సింగ్ హోములో ఒక బ్లాకుకు మొత్తం ఒకే వాల్వ్ మిద్దె మీద పెట్టారు, నాలుగు అంతస్తుల పైపు దాని కింద ఉంది. అది మార్చండని చెప్పే అధికారం మెకానిక్‌కు లేదు, రాసిపెట్టిన నియమం ఉంటే ఆ నియమాన్ని చూపించేవాణ్ణి.

బిల్డర్లను కోరేది:

6. గోడలో వేణ్ణీళ్ళ పైపు వేసేటప్పుడే వాల్వ్ పట్టే ఖాళీ, విప్పడానికి చిన్న తలుపు వదలండి. టైల్స్ వేశాక పగలగొట్టి పెట్టుకోమంటే ఎవరూ పెట్టుకోరు. బకెట్ మీద వేణ్ణీళ్ళ కుళాయి నేలకు రెండడుగుల ఎత్తులో, చన్నీళ్ళ కుళాయి దానిపక్కనే, రెంటికీ ఒకే రకం పిడి పెట్టే పద్ధతి మానండి. కనీసం పిల్లలున్న ఇళ్ళకు అమ్మే ఫ్లాట్లలో వేణ్ణీళ్ళ పిడి నొక్కి తిప్పే రకం పెట్టండి.

సంక్రాంతికి ముందు గీజర్ల అమ్మకాలు పెరుగుతాయి. కొత్త సరుకు ఫ్యాక్టరీలో తయారయ్యేది వర్షాకాలంలోనే. అంటే ఈ సీజన్ సరుకులోనే డయల్‌ను వెనక్కి తిప్పి పంపడం మీ చేతిలో పని, దానికి ప్రమాణం మారేదాకా ఆగక్కర్లేదు. ఏ మోడల్‌లో థర్మోస్టాట్ ఎన్ని డిగ్రీల దగ్గర సెట్ అయి వస్తోందో మీ వెబ్‌సైట్లలో పెట్టండి. పెట్టకపోతే మా మెకానిక్‌లం బిగించిన ప్రతి గీజర్ దగ్గరా గ్లాసుతో పట్టి కొలిచి, మోడల్ పేరు, తేదీ, కొలతతో సహా మేమే జాబితా రాసి పెడతాం. ఆ పని ఇప్పటికే మొదలైంది.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక గీజర్ మెకానిక్